ఒకే ఫొటో నుంచి అన్ని సైజుల బ్యానర్లు: తల తెగకుండా ఎలా వచ్చిందంటే

పర్లాకిమిడిలో మా ఉగాది కార్యక్రమానికి ఒక కూచిపూడి ఫొటో నుంచే ఫేస్‌బుక్ కవర్, స్టోరీ, చదరపు పోస్టు కావాలి. ఆటో స్మార్ట్ క్రాప్ పెడితే కవర్‌లో అమ్మాయి తల తెగిపోయి, ఎర్రచీర కుచ్చిళ్లు మిగిలేవి. మధ్యకు క్రాప్ చేయడం, సెట్టింగులు మార్చడం, ఫొటో చిన్నది చేయడం, ఏదీ పనిచేయలేదు.

నేను వాడిన టూల్ చర్మం రంగు, పదునైన అంచులు, గాఢమైన రంగులు ఎక్కువున్న చోటును ముఖ్యమనుకుంటుంది. అందుకే చీర గెలిచింది. చివరికి ముఖం ఎక్కడుందో నేనే చెప్పాను.

ఫొటో 6000x4000. ఎడిటర్‌లో ముఖం మీద కర్సర్ పెడితే x 4200, y 900 అని చూపింది. కవర్ నిష్పత్తి 820:312 కాబట్టి పూర్తి వెడల్పుకు ఎత్తు 2283. ముఖం పైనుంచి మూడో వంతు దూరంలో ఉండాలనుకున్నా. 2283లో మూడో వంతు 761, కాబట్టి పై అంచు 900 − 761 = 139. ImageMagickలో ఇచ్చిన కమాండ్ ఇది:

```
magick photo.jpg -crop 6000x2283+0+139 +repage -resize 1640 cover.jpg
```

9:16 స్టోరీకి ఎత్తు మొత్తం తీసుకుంటే వెడల్పు 2250. ముఖం ఉన్న 4200లోంచి అందులో సగం 1125 తీసేస్తే ఎడమ అంచు 3075. చదరానికి వెడల్పు 4000, సగం 2000 తీసేస్తే మాత్రం ఎడమ అంచు 2200 వచ్చింది, అంటే కుడివైపు ఫొటో దాటి 200 పోతుంది. అలాంటప్పుడు 2000కి వెనక్కి జరపాలి. ముఖం కాస్త కుడికి ఉంటుంది, పర్లేదు.

ఒక్కరే ఉన్న ఫొటోలకు ఇది బాగానే ఉంది. ఇద్దరు చెరో చివర నిలబడితే స్టోరీలో ఇద్దరూ పట్టరు, దానికి వేరే ఫొటో వెతుక్కోవాల్సిందే.