మూడో ఐడియా ఆపేసిన రాత్రి డైరీలో రాసుకున్నది

కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను.

మొదటిది ఇంటి ఖర్చుల యాప్. రెండోది ట్యూషన్ టీచర్లను వెతికిపెట్టే సైట్. మూడోది అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల యాప్, దీనికే ఐదు నెలలు పోయాయి. పాత నోట్సు తిరగేస్తే మూడుసార్లూ నేనడిగిన ప్రశ్న ఒకటే: "ఇలాంటిది ఉంటే వాడతారా?" అందరూ వాడతామన్నారు. ఎదురుగా కూర్చున్న మనిషిని నొప్పించలేక ఎవరైనా అలాగే అంటారు.

ఈ సాయంత్రం ఒక అసోసియేషన్ సెక్రటరీగారిని వేరేలా అడిగాను. "పోయిన నెల లెక్కలు ఎలా రాశారండీ? ఎంతసేపు పట్టింది?" ఎక్సెల్‌లో, అరగంట అన్నారు. అంటే లెక్కలు ఆయనకు బాధే కాదు. బాధంతా కట్టనివాళ్లకు పదేపదే ఫోన్ చేయడం. నా యాప్‌లో దానికి ఒక్క బటన్ కూడా లేదు! ఈ మాట ఐదు నెలల కిందటే వినాల్సింది.

ఇకనుంచి కోడ్ రాయకముందే పదిమందిని కలుస్తాను. నా ఐడియా ఊసెత్తను. ఆ ఇబ్బంది చివరిసారి ఎప్పుడొచ్చింది, అప్పుడేం చేశారు, దానికి డబ్బుగానీ సమయంగానీ ఎంత పెట్టారు, ఇవే అడుగుతాను. "ఏమీ చేయలేదు, అలాగే వదిలేశాం" అని ఎక్కువమంది అంటే ఆ ఐడియా అక్కడితో సరి.

సెక్రటరీగారి విషయంలో ముందు యాప్ లేకుండానే చూస్తాను. ఒక నెల ఆయన తరఫున గుర్తుచేసే మెసేజ్‌లు నేనే పంపుతాను. రెండో నెలకు డబ్బు అడుగుతాను. ఇస్తేనే కోడ్.