కొండదారిలో గాయపడితే – 4వ పాఠం: కిందికి కబురు

గత పాఠంలో చీలమండకు బద్ద కట్టడం చూశాం. ఇక సాయం కోసం కబురు పంపాలి. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి ఎక్కే కేదార్‌కంఠ దారిని ఉదాహరణగా తీసుకుందాం. డిసెంబరు. జూడా కా తాలాబ్ అనే చెరువు నుంచి దిగుతూ ఒకామె గడ్డకట్టిన మంచు మీద జారింది. గైడు రాసిన కబురు ఇది (అంకెలు అభ్యాసం కోసమే):

«సమయం 13:20. గాయం 12:50కి. స్త్రీ, 34 ఏళ్లు. కుడి చీలమండ వాచింది, పాదం మోపలేకపోతోంది. తలకు దెబ్బ లేదు, స్పృహలో ఉంది. నాడి 13:00కి 104, 13:15కి 92. బద్ద కట్టాం, కాలివేళ్లు వెచ్చగా ఉన్నాయి, కదులుతున్నాయి. స్థలం: 31.0450 ఉత్తరం, 78.1750 తూర్పు, దశాంశ డిగ్రీలు. తాలాబ్ నుంచి అరగంట దిగువన, దిగేవాళ్లకు ఎడమ పక్క, ఎర్ర టార్పాలిన్. కావలసినవి: స్ట్రెచర్, మోసేవాళ్లు 8 మంది, హెడ్‌ల్యాంపులు, సాంక్రీలో జీపు.»

‘ఎముక విరిగింది’ అని రాయలేదు చూడండి. ఎక్స్‌రే లేకుండా అది ఊహే. కంటికి కనబడిందే రాయాలి. నాడి రెండుసార్లు రాసిందీ ఊరికే కాదు. 104 నుంచి 92కు దిగిందంటే నొప్పి, కంగారు సర్దుకుంటున్నాయి. అది పెరుగుతూ ఒళ్లు చల్లబడి చెమట పడుతుంటే లోపల రక్తస్రావం జరుగుతోందేమో అనుమానించాలి. అప్పుడు అడగాల్సిన సాయమే మారుతుంది.

అసలు చిక్కంతా స్థలం దగ్గరే. ‘దశాంశ డిగ్రీలు’ అన్న మాట వదిలేస్తే, అవతలివాళ్లు 31.0450ని 31 డిగ్రీల 4.50 నిమిషాలుగా రాసుకోవచ్చు. నిజానికి అది 31 డిగ్రీల 2.70 నిమిషాలు (0.0450 × 60). తేడా 1.8 నిమిషాలు, అంటే ఉత్తరానికి 3.3 కిలోమీటర్లు. తూర్పు అంకెలో ఇదే తప్పు దొర్లితే 11 కిలోమీటర్లు పక్కకు పోతారు, వేరే కొండకే! అందుకే అంకెలు ఒక్కొక్కటిగా చదివి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి. అంకె తప్పినా, తాలాబ్ గుర్తు ఆ తప్పును పట్టిస్తుంది. ‘ఎడమ పక్క’ అని మాత్రం రాస్తే ఎక్కివచ్చేవాళ్లు తమ ఎడమవైపే వెతుకుతారు. ఎవరికి ఎడమో చెప్పాలి.

ఇప్పుడు లెక్క. మోసేవాళ్లు పైకి రావడానికి గంటన్నర అనుకోండి, సుమారు 15:00 అవుతుంది. మంచులో స్ట్రెచర్ గంటకు కిలోమీటరు కూడా సాగకపోవచ్చు. రెండు కిలోమీటర్లున్నా చీకటి పడుతుంది. హెడ్‌ల్యాంపులు అడిగింది అందుకే. ఈలోగా ఆమె కింద చాప, పైన స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి. ఒంట్లోంచి నేల లాగేసుకునే వేడి ఎక్కువ.

సిగ్నల్ ఉంటే 112కి, సాంక్రీలోని బేస్‌కు ఇదే వరుసలో చదవండి, హిందీలో అయినా సరే. లేకపోతే కాగితం మీద రాసి ఇద్దరిని పంపండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాటగా పంపితే దారిలో ‘కుడి’ ‘ఎడమ’ అయిపోతుంది.

అభ్యాసం: 31.0620 ఉత్తరాన్ని డిగ్రీలు, నిమిషాలుగా మార్చండి. దాన్ని 31 డిగ్రీల 6.20 నిమిషాలుగా చదివితే ఎన్ని కిలోమీటర్లు తప్పుతారు? జవాబు 5వ పాఠంలో.