షెల్ మోడల్ చేతి లెక్కలతో – 3వ భాగం: 28 ఎక్కడి నుంచి వచ్చింది?

రెండో భాగంలో గిన్నె ఆకారపు పొటెన్షియల్ తీసుకుని అందులో న్యూట్రాన్లని కింది నుంచి పైకి నింపుకుంటూ వచ్చాం, 2, 8, 20 వాటంతట అవే వచ్చేశాయి. అక్కడే ఆపితే షెల్ మోడల్ అంతా చాలా సులువనిపిస్తుంది. కానీ అదే లెక్కని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తే 40 వస్తుంది, దాని పైన 70, 112 వస్తాయి. ప్రకృతిలో కనిపించే మ్యాజిక్ నంబర్లు, అంటే కేంద్రకం మామూలుకన్నా గట్టిగా కట్టుకుని ఉండే న్యూట్రాన్ల లేదా ప్రోటాన్ల సంఖ్యలు, మాత్రం 28, 50, 82, 126. ఈ భాగంలో 28 ఒక్కదాన్నే పట్టుకుందాం. అది ఎలా వస్తుందో చేత్తో లెక్క కడితే 50 దాని వెనకే వస్తుంది, మిగతావి మీరే చేసుకోగలరు.

కాగితం, పెన్ను తీసుకోండి. 20 దాటాక వచ్చే మెట్టులో రెండు రకాల స్థాయిలు ఉంటాయి: కోణీయ ద్రవ్యవేగం l = 3 ఉన్న f, l = 1 ఉన్న p. ఒక్కో స్థాయిలో 2(2l+1) చోట్లు ఉంటాయి కాబట్టి f లో 14, p లో 6, మొత్తం 20, అందుకే 40 వచ్చింది. ఇప్పుడు నిజమైన కేంద్రకం అడుగు గిన్నెలా గుండ్రంగా కాకుండా కాస్త చదునుగా ఉంటుందన్న సంగతి కలపండి. l ఎక్కువున్న కణం ఎక్కువగా అంచు దగ్గరే తిరుగుతుంది, అడుగు చదునైతే అంచు దగ్గర లోతు పెరుగుతుంది, దాంతో f కిందికి దిగి p కంటే ముందు నిండుతుంది. బాగుంది, కానీ f మొత్తం నిండితే 20 + 14 = 34. మనకు కావాల్సింది 28. అంటే f లో ఎనిమిదే నిండాలి, మిగిలిన ఆరూ ఎక్కడో పైన ఉండాలి. పొటెన్షియల్ ఆకారాన్ని ఎంత మార్చినా ఒకే l ఉన్న 14 చోట్లు విడిపోవు, ఇక్కడే అందరూ ఇరుక్కుపోయారు.

1949లో షికాగోలో మరియా గెప్పర్ట్ మేయర్ ఈ చిక్కు మీదే పని చేస్తుంటే, స్పిన్-ఆర్బిట్ ప్రభావానికి ఏమైనా సూచన ఉందా అని ఎన్రికో ఫెర్మీ అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడకి లెక్క మొత్తం కుదిరిపోయింది. అదే సమయంలో జర్మనీలో హాక్సెల్, జెన్సెన్, స్యూస్ విడిగా అదే సమాధానానికి వచ్చారు. మేయర్, జెన్సెన్‌లకు 1963లో నోబెల్ వచ్చింది.

ఆ సమాధానం ఏమిటంటే, న్యూట్రాన్ తిరిగే కోణీయ ద్రవ్యవేగం l, దాని సొంత స్పిన్ ½, ఈ రెండూ ఒకే దిశలో ఉంటే శక్తి తగ్గుతుంది, ఎదురెదురుగా ఉంటే పెరుగుతుంది. కలిస్తే j = l + ½, ఎదురైతే j = l − ½. ఒక్కో j లో 2j+1 చోట్లు. f కి ఇవి 7/2, 5/2, అంటే 8 చోట్లు, 6 చోట్లు. మనకు కావాల్సిన ఎనిమిది ఇవే.

ఎంత విడిపోతాయో కూడా చూద్దాం, ఎందుకంటే కొంచెమే విడిపోతే ఖాళీ ఏర్పడదు. l·s విలువ ఇలా వస్తుంది:

```
l·s = [ j(j+1) − l(l+1) − 3/4 ] / 2

j = l + 1/2  అయితే   +l/2
j = l − 1/2  అయితే   −(l+1)/2
తేడా                 (2l+1)/2
```

p కి తేడా 1.5, d కి 2.5, f కి 3.5, g కి 4.5. l పెరిగే కొద్దీ చీలిక పెరుగుతోందన్నది ఇక్కడ అసలు విషయం. దీన్ని ఎంతతో గుణించాలో ప్రయోగం చెప్తుంది. ఆక్సిజన్-17లో నిండిన 8 న్యూట్రాన్ల పైన ఒక్కటే అదనంగా ఉంటుంది, అది d5/2 లో ఉంటే భూస్థితి, d3/2 కి ఎక్కాలంటే 5.08 MeV కావాలి. d కి తేడా 2.5 కాబట్టి ఒక్కో యూనిట్‌కి సుమారు 2 MeV. అదే కొలత f కి వేస్తే చీలిక 7 MeV దాకా వస్తుంది. బరువైన కేంద్రకాల్లో ఈ బలం కొంత తగ్గుతుంది కాబట్టి కాల్షియం దగ్గర ఇంకాస్త తక్కువే ఉంటుంది, అయినా ఆ మెట్లో స్థాయిలని విడదీయడానికి చాలు. f7/2 విడిగా కిందికి జారిపోతుంది, 20 + 8 = 28. పైన p3/2, f5/2, p1/2 లలో 4 + 6 + 2 = 12 చోట్లు నిండితే 40. ఆ పై మెట్టులోని g9/2 కి l = 4, కాబట్టి అది ఇంకా లోతుకి దిగొచ్చి వీటితో కలిసిపోతుంది, 10 చోట్లు కలిపితే 50.

ఒక జాగ్రత్త. పరమాణువులో ఎలక్ట్రాన్లకి కూడా స్పిన్-ఆర్బిట్ ఉంటుంది, చాలామంది ఇది కూడా అలాంటి అయస్కాంత ప్రభావమే అనుకుంటారు. కాదు. పరమాణువులో j = l − ½ కింద ఉంటుంది, కేంద్రకంలో దానికి తలకిందులు. పైగా అయస్కాంత ప్రభావం లెక్క కడితే ఈ MeVల దరిదాపుల్లోకి కూడా రాదు. ఇది కేంద్రక బలం లోపలే ఉన్న గుణం, సాంద్రత వేగంగా పడిపోయే అంచు దగ్గర బాగా పని చేస్తుంది. పరీక్షలో గుర్తు తప్పు వేస్తే 28కి బదులు 26 వస్తుంది, అలా వచ్చిందంటే ఎక్కడ తప్పు చేశారో వెంటనే తెలిసిపోతుంది.

ఇక దీన్ని పరీక్షించడం. దీనికి కాల్షియం కంటే మంచి మూలకం లేదు, ప్రోటాన్లు 20 దగ్గరే ఉంటాయి, న్యూట్రాన్లు మాత్రం 20 నుంచి 28 దాటి పోతాయి. చివరి న్యూట్రాన్‌ని ఊడబీకడానికి ఎంత శక్తి కావాలన్నది మన కొలబద్ద. ద్రవ్యరాశుల పట్టికలో ప్రతి ఐసోటోప్‌కీ మాస్ ఎక్సెస్ అని ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని Δ అందాం. న్యూట్రాన్‌ది 8.07, కాల్షియం-48ది −44.22, కాల్షియం-49ది −41.30, అన్నీ MeVలలో.

```
Sn(49) = Δ(48) + Δ(n) − Δ(49)
       = −44.22 + 8.07 + 41.30
       = 5.15 MeV
```

అదే పద్ధతిలో కాల్షియం-48కి 9.95 వస్తుంది. అంటే 28వ న్యూట్రాన్‌ని తీయడానికి దాదాపు 10, 29వ దానికి అందులో సగం. గీత పడినట్టే కనిపిస్తోంది కదా.

ఇక్కడ ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది: "అన్నా, 48 నుంచి 49కి పడింది సరే, మరి కాల్షియం-47కి 7.28 మాత్రమే ఉంది, 46కి 10.40 ఉంది, అక్కడ కూడా పడినట్టే కదా, 26 కూడా మ్యాజిక్ అనాలా?" సరైన అనుమానం. న్యూట్రాన్లు జతలుగా కట్టుకుంటాయి, సరి సంఖ్య ఉన్నప్పుడు చివరిదాన్ని తీయాలంటే జత విడగొట్టాలి, బేసి ఉన్నప్పుడు ఒంటరిగా ఉన్నదే బయటికొస్తుంది. అందుకే సరి-బేసి మధ్య ఎప్పుడూ రెండు మూడు MeV ఎగుడుదిగుడు ఉంటుంది, దానికీ షెల్‌కీ సంబంధం లేదు. సరిని బేసితో పోల్చకూడదు, అంతే. బేసి వాటిని మాత్రమే వరసగా పెట్టి చూడండి: కాల్షియం-41కి 8.36, 43కి 7.93, 45కి 7.41, 47కి 7.28, 49కి 5.15. మొదటి నాలుగింటిలో అడుగుకి మహా అయితే అర MeV పడుతోంది, చివర్లో ఒకేసారి 2 MeVకి పైగా పడింది. ఇదీ షెల్ గీత.

ఇంకో సాక్ష్యం కూడా చూడండి, ఇది ద్రవ్యరాశులతో సంబంధం లేనిది. సరి-సరి కేంద్రకాన్ని మొదటి 2+ స్థితికి లేపడానికి ఎంత శక్తి కావాలి? కాల్షియం-42కి 1.52, 44కి 1.16, 46కి 1.35, 48కి 3.83, 50కి మళ్ళీ 1.03 MeV. 48 దగ్గర మాత్రం లేపడానికి f7/2 లో ఖాళీ లేదు, ఏ న్యూట్రాన్‌నైనా పై స్థాయిల దాకా ఎత్తాల్సిందే. భూస్థితి స్పిన్లూ ఇదే చెప్తాయి, 41, 43 లకి 7/2, 49కి 3/2. అంటే 29వ న్యూట్రాన్ నిజంగానే p3/2 లో కూర్చుంది.

మ్యాజిక్ నంబర్ ఉన్నంత మాత్రాన ఆ కేంద్రకం రేడియోధార్మికం కాదని అనుకోవద్దు. నికెల్-56లో 28 ప్రోటాన్లు, 28 న్యూట్రాన్లు, రెండూ మ్యాజిక్కే, అయినా అర్ధాయువు దాదాపు ఆరు రోజులే. ఒక కణాన్ని బయటికి లాగడం, ఎక్కువ స్థాయికి లేపడం కష్టం అన్నదే మ్యాజిక్ చెప్పేది. బీటా క్షయం ప్రోటాన్, న్యూట్రాన్ల పాళ్ళ మీద ఆధారపడి జరుగుతుంది, అది వేరే లెక్క. ఇంకో పరిమితి, 28 అన్నిచోట్లా 28లా ఉండదు. కాల్షియం-48లోంచి ఆరు ప్రోటాన్లు తీసేస్తే సిలికాన్-42, న్యూట్రాన్లు అవే 28. దాని 2+ స్థితి 0.75 MeV దగ్గరే ఉంది. ప్రోటాన్లు ఏ స్థాయిల్లో ఉన్నాయన్న దాన్ని బట్టి న్యూట్రాన్ స్థాయిలు కూడా జరుగుతాయి, f7/2 పైన ఉన్న ఖాళీ సన్నబడుతుంది, కేంద్రకం గుండ్రంగా ఉండటం మానేస్తుంది. మనం కట్టిన లెక్క గుండ్రటి కేంద్రకానిది కాబట్టి అక్కడ అది పని చేయదు.

హైదరాబాద్ వాళ్ళకి 50 గురించి చెప్పకుండా ఆపలేను. ఈసీఐఎల్ దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్ ఇంధనానికి జిర్కోనియం మిశ్రమలోహంతో గొట్టాలు చేస్తారు, ఎందుకంటే ఆ లోహం న్యూట్రాన్లని దాదాపు మింగదు. సహజ జిర్కోనియంలో సగానికి పైగా జిర్కోనియం-90, 40 ప్రోటాన్లు, 50 న్యూట్రాన్లు. 50వ న్యూట్రాన్‌కి విడదీసే శక్తి 11.97 MeV, 51వ దానికి 7.19 మాత్రమే. కొత్తగా వచ్చే న్యూట్రాన్‌కి దొరికే శక్తి తక్కువ, ఆ శక్తి దగ్గర కూర్చోవడానికి స్థాయిలు కూడా చాలా పలచగా ఉంటాయి. అందుకే మింగే అవకాశం బార్న్‌లో నూరోవంతు స్థాయిలో ఉంటుంది. జిర్కోనియం ఖనిజంలో ఎప్పుడూ కలిసి వచ్చే హాఫ్నియం న్యూట్రాన్ల సంఖ్యలో 82, 126ల మధ్యలో పడుతుంది, దానికి స్థాయిలు దట్టంగా ఉంటాయి, మింగే అవకాశం వంద బార్న్‌లకి పైనే. గొట్టాలు చేసే ముందు దాన్ని వేరు చేయక తప్పదు.

వచ్చే భాగానికి పని ఇది. 50 పైన g7/2, d5/2, d3/2, s1/2, ఇంకా పై నుంచి దిగొచ్చే h11/2 ఉంటాయి, చోట్లు కూడి 82 వస్తుందో లేదో చూడండి. తర్వాత జిర్కోనియం-91 భూస్థితి స్పిన్ 5/2 అని కొలిచారు, దాన్ని బట్టి ఆ ఐదింటిలో అక్కడ అన్నిటికన్నా కింద ఉన్నది ఏదో రాసి పెట్టుకోండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.