నలుగురు అనువదించిన పుస్తకం నాలుగు రకాలుగా చదివిస్తుంటే: సమస్య - పరిష్కారం

ఉదాహరణకు మిర్చి, పత్తి సాగు మీద 160 పేజీల ఇంగ్లిష్ చేతిపుస్తకం తీసుకుందాం. హన్మకొండలో ఇద్దరు, కరీంనగర్‌లో ఒకరు, జగిత్యాలలో ఒకరు అధ్యాయాలు పంచుకున్నారు. చదివేది ఏనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతులు. అధ్యాయాలన్నీ ఒక్క ఫైల్‌లో కలిపినప్పుడే అసలు తేడాలు బయటపడతాయి.

సమస్య: ఒకే పురుగుకు, ఒకే లక్షణానికి అధ్యాయానికో పేరు

ఒకరు "తామర పురుగులు" అన్నారు, ఇంకొకరు "త్రిప్స్" అని ఉంచేశారు. చదువుకుంటూ పోతే అర్థమవుతుంది కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకుంటాం. కానీ మిర్చిలో తామర పురుగు వల్ల ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి వల్ల కిందికి ముడుచుకుంటాయి. ఒకరు పై ముడత, కింది ముడత అని విడదీసి రాస్తే, ఇంకొకరు రెండింటికీ "ఆకు ముడత" అని వదిలేశారు. రెండింటికీ కొట్టే మందులు వేరు. ఆ అధ్యాయం ఒక్కటే చదివిన రైతు తప్పు మందు తెచ్చుకుంటాడు.

కారణం: శైలి నియమాల కాగితం ఉంది, కానీ పదాల నిర్ణయాలు వాట్సాప్‌లో జరిగాయి. మెసేజ్ చూసినవాళ్లు మార్చుకున్నారు, అప్పటికే అధ్యాయం పంపేసినవాళ్లు మార్చుకోలేదు.

పరిష్కారం: పదాల పట్టిక ఒకే షీట్‌లో ఉండాలి. అందరూ చూడొచ్చు, రాసేది మాత్రం ఒక్కరే. మూల పదం, వాడాల్సిన పదం, వాడకూడని పదాలు, ఈ మూడు వరుసలు చాలు. మూడో వరుసను చాలామంది పెట్టరు. చివరి పరిశీలనలో వెతకాల్సింది మాత్రం ఆ పదాలనే.

సమస్య: ఎరువుల లెక్కలు ఒకదానికొకటి పొసగవు

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదం ఇదే. మూలంలో హెక్టారుకు 120 కిలోల నత్రజని అని ఉంది. ఒకరు అలాగే ఉంచారు. ఇంకొకరు ఎకరానికి 48 అన్నారు, మరొకరు 50 అన్నారు. నాలుగో వ్యక్తి హెక్టారును ఎకరం చేసి, 120ని మాత్రం అలాగే వదిలేశారు. అంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ వాక్యంలో భాషాదోషం ఏమీ లేదు, చదివితే ఎక్కడా తట్టదు.

కారణం: "ఎకరాల్లో రాయండి" అని నియమంలో ఉంది, ఎవరు మార్చాలో లేదు. దాంతో సగం మారిన ఫైల్ తయారైంది. "అన్నా, అది నేను ముందే మార్చేసిన" అని ఫోన్‌లో విన్నాక ఇంకొకరు మళ్లీ భాగించిన సందర్భాలూ ఉంటాయి.

పరిష్కారం: అనువాదకులెవరూ కొలతలు మార్చకూడదు. మూలంలో ఉన్న అంకె, యూనిట్ అలాగే ఉంచాలి. అన్ని అధ్యాయాలూ వచ్చాక ఒక్కరే కూర్చొని 2.47తో భాగించాలి. 120 అయితే 48.6 వస్తుంది. దాన్ని 49 చేయాలా, 48.6గానే ఉంచాలా అన్నది నియమంలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. లీటరు నీటికి ఇన్ని గ్రాములు అన్న మోతాదులను ముట్టుకోవద్దు, వాటికి విస్తీర్ణంతో సంబంధం లేదు. హెక్టారుకు 500 లీటర్ల పిచికారీ ద్రావణం అంటే మాత్రం ఎకరానికి సుమారు 200 లీటర్లు అవుతుంది.

మార్చాక మూలంలోని అంకెలన్నీ ఒక పక్క, తెలుగులోని అంకెలన్నీ ఇంకో పక్క వరుసగా రాసి పోల్చాలి. విసుగు పుట్టించే పనే, కానీ 120 తప్పు పట్టుబడేది ఇక్కడే.

సమస్య: వెతికితే దొరకదు, కళ్లకు కనిపిస్తుంది

"ఎకరం" అని వెతికితే "ఎకరానికి", "ఎకరాల" దొరకవు. విభక్తులతో పదం చివర మారుతుంది కాబట్టి "ఎకర" అని మారని భాగం వరకే వెతకాలి.

అయినా ఒక అధ్యాయంలో ఏమీ దొరకలేదంటే, దాన్ని అను ఫాంట్‌లో టైప్ చేసి ఉండొచ్చు. ఆ అధ్యాయానికి గౌతమి ఫాంట్ పెట్టి చూడండి. తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజి కనిపిస్తే యూనికోడ్ కాదన్నట్టే. మార్పిడి చేయించాక ఒత్తుల దగ్గర మళ్లీ ప్రూఫ్ చూసుకోవాలి.

ఇంకో దొంగ ఉంది. "ఫాస్ఫరస్" అన్న పదం మధ్యలో ఒకరు కనిపించని విడదీత అక్షరం పెడతారు, ఇంకొకరు పెట్టరు. లిబ్రే ఆఫీస్‌లో వెతికే పెట్టె తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ ఎంచుకొని ఇది ఇవ్వండి:

```
\u200C
```

దొరికినవన్నీ ఒకేసారి తీసేయొద్దు. "కరీంనగర్‌లో" వంటి చోట్ల అది ఉండాల్సిందే, లేకపోతే ర కింద ల ఒత్తు పడుతుంది. ఒక్కోటి చూసి నిర్ణయించాలి.

సమస్య: చివరి పరిశీలన అయ్యాక కూడా పాత తప్పులే తిరిగొస్తాయి

పరిశీలన నడుస్తుండగా ఎవరో తమ దగ్గరున్న పాత ఫైల్‌లో సవరించి పంపి ఉంటారు. పరిశీలన మొదలైన రోజు నుంచి అసలు ఫైల్ ఒక్కరి దగ్గరే ఉండాలి. మిగతావాళ్లు పేజీ నంబరు, మార్పు రాసి పంపాలి. పరిశీలించే మనిషి కూడా అధ్యాయం తర్వాత అధ్యాయం చదువుకుంటూ పోకూడదు. ముందు పదాల పట్టికతో 160 పేజీలూ ఒకసారి, తర్వాత అంకెలతో ఒకసారి, ఆ తర్వాత "పిచికారీ చేయాలి", "చేయండి", "చేయవలెను" లాంటి క్రియల కోసం ఒకసారి చూడాలి. వాక్యాల సొగసు చూడటం వీటి తర్వాతే.