పొద్దున్న మెయిల్ తెరిస్తే పనికి బదులు ప్రశ్న వస్తోందా?

సమస్య: రుషికొండ ఆఫీసులో సాయంత్రం 6:30కి మెయిల్ పెట్టి బయల్దేరతారు. అప్పటికి డాలస్‌లోని మీ టీమ్‌కి ఉదయం 8. రాత్రంతా పని నడుస్తుందనుకుంటే, మర్నాడు ఇన్‌బాక్స్‌లో ఒక్క ప్రశ్న ఉంటుంది. మీరు జవాబిచ్చే వేళకు వాళ్లు పడుకుని ఉంటారు. రెండు ముక్కల జవాబుకి ఒక రోజు పోయింది.

కారణం: వచ్చిన ప్రశ్నే చెబుతుంది. "ఏ ఫైలు?" అంటే మీరు పేరు రాయలేదు. "లింకు తెరుచుకోవట్లేదు" అంటే పర్మిషన్ ఇవ్వలేదు. మీకు తెరుచుకుంటుంది కాబట్టి ఇది మీ కంటపడదు. షేర్ నొక్కి అవతలివారి పేరు ఉందో లేదో చూస్తే సరిపోతుంది. ఎక్కువగా వచ్చేది మూడోది: "మరి చేసేయమంటారా?" అవతలివారికి పని తెలుసు, చేసే అధికారం ఉందో లేదో తెలియదు. వివరాలు ఎన్ని రాసినా ఇది తీరదు, నిర్ణయం రాయాలి.

ఉదాహరణకు ఈ మెయిల్: "ఇన్వాయిస్ జాబ్ మధ్యలో ఆగింది. డూప్లికేట్లు ఉన్నట్టున్నాయి. కొంచెం చూడగలరు."

చూసి ఏం చేయాలి?

పరిష్కారం: అదే మెయిల్‌ను ఇలా మార్చండి.

"ఇన్వాయిస్ జాబ్ 4,210వ వరుస దగ్గర ఆగింది. ఒకే ఇన్వాయిస్ నంబరు రెండుసార్లు వచ్చింది. అలాంటివి 37 ఉన్నాయి, జాబితా జత చేశాను. వాడాల్సిన ఫైలు `invoices_v2.csv`. నేను ఏదీ తీసేయలేదు, జాబ్ మళ్లీ నడపలేదు. రెండు వరుసల్లో సొమ్ము ఒకటే అయితే రెండోదాన్ని పక్కన పెట్టండి. సొమ్ము వేరైతే రెండింటినీ పక్కన పెట్టండి. తర్వాత జాబ్ నడపండి, నా జవాబు కోసం ఆగక్కర్లేదు. బ్యాంకుకు మాత్రం ఫైలు పంపొద్దు, అది నేను వచ్చాక చూస్తాను."

"నేను ఏదీ తీసేయలేదు" అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే అవతలివాళ్లు సగం పని మళ్లీ మొదటి నుంచి చేస్తారు, లేదా భయపడి ముట్టుకోరు. చివరి వాక్యం హద్దు గీస్తుంది. వెనక్కి తీసుకోలేని పనికి "జవాబు రాకపోతే చేసేయండి" అని ఎప్పుడూ రాయకూడదు. అలాంటిది ఉంటే 6:30కి ఫోన్ చేసి తేల్చుకోవడమే మంచిది.

సమస్య: చెప్పిన టైముకి పని అందలేదు.

కారణం: "రేపటికల్లా" అని రాశారు. మన గురువారం పొద్దున్నకి వాళ్లకి ఇంకా బుధవారం రాత్రే.

పరిష్కారం: వారం, రెండు గడియారాలు కలిపి రాయండి: "గురువారం మీకు ఉదయం 10, మాకు రాత్రి 8:30." నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం వరకు వాళ్ల గడియారం ఒక గంట వెనక్కి ఉంటుంది. అప్పుడు మన 6:30 వాళ్లకి ఉదయం 7. ఎవరూ సీట్లో ఉండరు, ఫోన్ 7:30కి మార్చుకోండి.