అత్తవారింట్లో కాపురం: ఇద్దరి మర్యాదా నిలిచేలా ఉండటం ఎలా?

పండగకు వచ్చిన అల్లుడికి అరిటాకు వేసి మొదటి వడ్డన చేస్తారు. అదే ఇంట్లో కాపురం పెట్టిన అల్లుడికి ఆ మర్యాద కొన్ని నెలలకు మించి నడవదు. నడవకూడదు కూడా. రోజూ అతిథిగా ఉండేవాడు ఇంటివాళ్లకు భారమవుతాడు, ఆ సంగతి అతనికీ తెలుస్తూనే ఉంటుంది. చెన్నైలో అత్తవారింట్లో ఉండే అల్లుళ్ల కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. అతను అద్దెకున్నవాడు కాదు, ఇంటి యజమానీ కాదు. ఇక అతని బాధ్యత ఏమిటో ఎవరూ చెప్పరు.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. పెరంబూరులో సొంత ఇల్లు. మామగారు రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. కూతురు, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులే. అల్లుడిది నెల్లూరు జిల్లా, పని అంబత్తూరు ఎస్టేటులో. పెద్దవాళ్లకు తోడు కావాలి, చిన్నవాళ్లకు అద్దె మిగలాలి.

చేరకముందే చెప్పవలసిన వాళ్లకు చెప్పండి

మొదట మీ అమ్మానాన్నలకు చెప్పండి. ఆ కబురు మీ నోటి నుంచే వెళ్లాలి. మామగారు ఫోన్ చేసి "అబ్బాయి మా దగ్గరే ఉంటాడండీ" అంటే, అది ఎంత ప్రేమగా చెప్పినా, కొడుకును లాక్కున్నారన్నట్టే వినిపిస్తుంది. తర్వాత హైదరాబాదులోని బావమరిదితో మాట్లాడండి. ఈ ఒక్క ఫోను చాలామంది మరిచిపోతారు. అతని తల్లిదండ్రుల ఇంట్లో మీరు ఉండబోతున్నారు. ఎందుకు ఉంటున్నారో, ఎంతకాలమో అతనికి మీరే చెబితే, రేపు ఇంటి సంగతులు వచ్చినప్పుడు అనుమానం తగ్గుతుంది.

గడువు కూడా అనుకోండి. "వచ్చే ఉగాది దాకా ఉందాం, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం" అంటే రెండు వైపులా ఊపిరి ఆడుతుంది. గడువే లేకపోతే, వెళ్లిపోదామని మీరు అన్న రోజు అది అలిగినట్టు ఉంటుంది, వెళ్లమని వాళ్లు అన్న రోజు గెంటేసినట్టు ఉంటుంది.

డబ్బు చేతికి ఇవ్వకండి, ఖర్చు మీద వేసుకోండి

నెలకింత ఇస్తానంటే మామగారు ఒప్పుకోరు. "అల్లుడి దగ్గర డబ్బు తీసుకుంటామా?" అంటారు. సరే అని ఊరుకుంటే రెండేళ్ల తర్వాత అదే మాట మరో గొంతుతో వస్తుంది. అందుకని కొన్ని ఖర్చులను పూర్తిగా మీ పేరు మీదికి తెచ్చుకోండి.

మన ఉదాహరణలో వేరే ఇంటి వాటా తీసుకుంటే నెలకు అద్దె పదిహేను వేలు అనుకుందాం. కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది. వేసవిలో రెండు ఏసీలు నడిస్తే అది పెద్దదే, కనుక అల్లుడిదే. పాలు, గ్యాసు, పనిమనిషి జీతం, ఇంటర్నెట్ కూడా అతనివే. ఇవన్నీ కలిపి నెలకు తొమ్మిది పది వేలకు వస్తాయనుకోండి. బియ్యం, కూరగాయలు మామగారు తెస్తారు, ఎందుకంటే ఉదయం బజారుకు వెళ్లడం ఆయనకు ఇష్టం. ఇంటి పన్ను, నీటి పన్ను ఇంటి యజమానిగా ఆయనవే, వాటి జోలికి వెళ్లకండి. అద్దెకూ ఈ ఖర్చుకూ మధ్య మిగిలే ఐదారు వేలను భార్యాభర్తల పేరున విడిగా దాచుకోండి. రేపు సొంత ఇల్లు తీసుకుంటే అడ్వాన్సుకు పనికొస్తుంది. ఆ సొమ్ము కనిపించకుండా కరిగిపోతే, ఇక్కడ చేరిన ప్రయోజనం సగం పోయినట్టే.

కొందరు ఆఫీసులో ఇంటి అద్దె అలవెన్సు మీద పన్ను తగ్గించుకోవడానికి మామగారి చేత ఉత్త రసీదు రాయించుకుంటారు. అది తప్పు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు మామగారికి అద్దె ఇచ్చి ఆ మినహాయింపు పొందవచ్చు. కానీ అద్దె నిజంగా ఆయన బ్యాంకు ఖాతాలో పడాలి, ఒప్పంద పత్రం ఉండాలి, ఏడాదికి లక్ష దాటితే ఆయన పాన్ నంబరు ఇవ్వాలి, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపించాలి. ఇల్లు అత్తగారి పేరున ఉంటే ఆ అద్దె ఆవిడకే చెల్లాలి. అద్దె తీసుకోనని పట్టుబట్టిన మామగారిని రసీదు మాత్రం అడగడం ఆయన్ని ఇరకాటంలో పెట్టడమే.

పై అంతస్తు కట్టే ముందు ఆగండి

అసలు గొడవలు ఇక్కడే పుడతాయి. "పైన రెండు గదులు వేసుకోండి, మీకే" అని మామగారు మనస్ఫూర్తిగానే అంటారు. అల్లుడు అప్పు తెచ్చి కడతాడు. స్థలం మామగారిది. అల్లుడు ఇటుకలకు పోసిన డబ్బు వల్ల ఆ ఇంట్లో అతనికి హక్కు వచ్చేయదు. మామగారు వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితమైన ఇల్లు హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురికి, ఆయన తల్లి ఉంటే ఆవిడకూ సమానంగా వస్తుంది. పై అంతస్తు ఎవరు కట్టారన్నది ఆ లెక్కలోకి రాదు.

పూర్వం తెలుగు నేల మీద కొన్ని కులాల్లో ఇల్లటం అనే ఆచారం ఉండేది. కొడుకులు లేని ఇంటికి తెచ్చుకున్న అల్లుడికి ఆస్తిలో వాటా ఇచ్చేవారు, కోర్టులు కూడా దాన్ని గుర్తించాయి. ఈ రోజుల్లో ఉద్యోగం కోసం అత్తవారింట్లో దిగిన అల్లుడికి దానితో సంబంధం లేదు.

మరో మెలిక కూడా ఉంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఉన్న స్త్రీ, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా చనిపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆ ఆస్తి భర్తకు రాదు, ఆమె తండ్రి వారసులకు వెళ్తుంది.

కట్టాలనే ఉంటే ముందు బావమరిదిని కూర్చోబెట్టి మాట్లాడండి. తర్వాత పై భాగాన్ని మామగారు కూతురి పేరున సెటిల్‌మెంట్ దస్తావేజుగా రిజిస్టరు చేయాలి. దానికి ఒక లాయరును కలవండి. దస్తావేజు మాట ఎత్తితే మామగారు నొచ్చుకుంటారనిపిస్తే, అప్పు తెచ్చి కట్టే పని మానుకోండి. ఏసీ, మంచం, అల్మారా లాంటివి కొనుక్కోండి, వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు.

రోజువారీ సంగతులు

ఒక పని మీది కావాలి. కార్పొరేషన్ నీళ్లు వచ్చే వేళకు మోటారు వేయడం, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, ఏదైనా సరే, మరొకరు గుర్తు చేయకుండా జరగాలి. తిన్న కంచం మీరే తీయండి. మొదటి రోజు అత్తగారు "అయ్యో, మీరెందుకండీ" అంటారు. వారం గడిచాక అనరు.

భార్యను రాయబారిగా వాడకండి. "మీ అమ్మకు చెప్పు, నాకు రాత్రి అన్నం వద్దు, చపాతీ చాలు" అంటే ఆ మాట వంటింటికి చేరేసరికి ఫిర్యాదుగా మారుతుంది. "అత్తయ్యగారూ, రాత్రి రెండు చపాతీలు చాలండీ" అని మీరే చెబితే అక్కడితో ముగుస్తుంది. తల్లీకూతుళ్ల వాదనలో మాత్రం అటో ఇటో తేల్చకండి. సాయంత్రానికి వాళ్లు కలిసిపోతారు, మీరు అన్న మాట మిగిలిపోతుంది.

మీ తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆహ్వానం అత్తగారి నుంచి వెళ్లేలా చూడండి. వియ్యపురాలు స్వయంగా ఫోన్ చేసి "వదినగారూ, నాలుగు రోజులుండేలా రండి" అంటే మీ అమ్మ వస్తుంది. మీరు ఎంత పిలిచినా "వాళ్లింటికి ఎందుకులే" అంటుంది. వాళ్లు ఎక్కడ పడుకుంటారో ముందే తేల్చండి. మీ గది వాళ్లకిచ్చి మీరు హాల్లో పడుకోవడం మేలు. సంక్రాంతికి మీ ఊరు వెళ్లడం ఖాయం చేసుకోండి, దాన్ని ఏ ఏడూ బేరానికి పెట్టకండి.

చెడుతోందని ఎలా తెలుస్తుంది?

మీరు రాగానే మామగారు టీవీ ఆపి లోపలికి వెళ్తుంటే, హాలు తనది కాదని ఆయనకు అనిపిస్తోంది. మీరు ఆఫీసులో పని లేకపోయినా ఎనిమిదింటి దాకా ఉంటుంటే, ఇల్లు మీది కాదని మీకు అనిపిస్తోంది. ఇది నెల రోజులు సాగితే ఉగాది దాకా ఆగకండి. ఒక ఆదివారం ఉదయం కాఫీ వేళ, నలుగురూ ఉన్నప్పుడు, దగ్గరలోనే వేరే వాటా చూసుకుంటామని మీరే ముందు అనండి. అదే వీధిలో, రెండు వీధుల అవతల అయినా సరే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని అప్పుడూ మీదే. కరెంటు, గ్యాసు బిల్లులు ఏ నెల నుంచి ఎవరు కడతారో మాత్రం ఆ రోజే చెప్పేయండి.