పార్టీ ఇచ్చిన పోస్ట్ డేటెడ్ చెక్కు బౌన్స్ అయితే, ‘పెయిడ్’ అని రాసిన బిల్లును మళ్లీ బాకీలోకి తేవడం ఎలా?

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్ల లెక్కలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఏ కొట్టుకెళ్లినా ఒకటే తప్పు. పార్టీ నెల తర్వాత తేదీ వేసిన చెక్కు ఇస్తాడు, గుమాస్తా ఆ సాయంత్రమే బిల్లు మీద ‘పెయిడ్’ అని కొట్టేస్తాడు. చేతిలో ఉన్నది కాగితమే, డబ్బు కాదు. ఆ చెక్కు తిరిగొచ్చిన రోజు అసలు తంటా మొదలవుతుంది, ఎందుకంటే కొట్టేసినదాన్ని సరిగ్గా వెనక్కి తీయడం తెలిసినవాళ్లు తక్కువ.

కావలసినవి

ఒక ఎక్సెల్ షీటు, తేదీ ప్రకారం చెక్కులు పెట్టుకోవడానికి పారదర్శకంగా ఉండే ఫోల్డరు, బీరువా తాళం. అంతే. ఫోల్డర్లో చెక్కులను పార్టీ పేరు వరసలో పెట్టకండి. తేదీ వరసలోనే పెట్టాలి. పొద్దున బీరువా తీయగానే పైన కనిపించేది ఈ రోజు వేయాల్సిన చెక్కే అయ్యుండాలి.

చెక్కు తీసుకునేటప్పుడు

అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉన్న మొత్తం ఒకటేనా, సంతకం ఉందా, దిద్దుబాట్లు ఉన్నాయా చూసుకుని ఫోన్లో ఫొటో తీయండి. 50,000, ఆపైన చెక్కయితే ‘పాజిటివ్ పే’ కింద చెక్కు నంబరు, తేదీ, మొత్తం వంటి వివరాలు ముందుగానే తన బ్యాంకుకు పంపమని పార్టీకి అప్పుడే చెప్పండి. 5 లక్షలు, ఆపైన చెక్కులకు చాలా బ్యాంకులు అది తప్పనిసరి చేశాయి. ఆ చిన్న పని మరిచిపోయి, ఖాతాలో డబ్బుండి కూడా చెక్కు వెనక్కి తెప్పించుకున్నవాళ్లున్నారు.

షీటులో రాయడం

ఒక్కో చెక్కుకు ఒక్కో వరస. పార్టీ పేరు, చెక్కు నంబరు, బ్యాంకు, మొత్తం, చెక్కు మీది తేదీ, బ్యాంకులో వేసిన తేదీ, ఏ బిల్లుకు ఎంత, ఇచ్చిన తగ్గింపు, స్థితి. స్థితిలో నాలుగే మాటలు వాడండి: ‘చేతిలో’, ‘వేశాం’, ‘పడింది’, ‘తిరిగొచ్చింది’. ‘పడింది’ అని రాసేదాకా బిల్లు పెయిడ్ కాదు. ఇందులో మినహాయింపు లేదు, పార్టీ మీ బావమరిది అయినా సరే.

‘ఏ బిల్లుకు ఎంత’ అన్నదాన్ని చాలామంది ఖాళీగా వదిలేసి, మొత్తం ఖాతాకు జమ కట్టి ఊరుకుంటారు. చెక్కు బాగున్నంత కాలం దాంతో పని పడదు. తిరిగొచ్చిన రోజున ఏ బిల్లు తెరవాలో ఎవరికీ గుర్తుండదు.

చెక్కు తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. 2012 ఏప్రిల్ 1 నుంచి ఇదే నిబంధన, అంతకుముందు ఆరు నెలలుండేది. పాత అలవాటున్న పెద్దవాళ్లు ఇప్పటికీ ఆరు నెలలే అనుకుంటారు. తేదీ E2 గడిలో ఉంటే, ఆఖరి రోజు కోసం డేట్ ఫార్మాట్ పెట్టిన గడిలో ఇది వేయండి:

```
=EDATE(E2,3)-1
```

ట్యాలీ వాడేవాళ్లు, `Ctrl+T` నొక్కితే రసీదు పోస్ట్ డేటెడ్ అవుతుంది కదా, ఈ షీటెందుకు అంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. ఇబ్బంది ఏమిటంటే, ఆ తేదీ రాగానే రసీదు దానంతటదే లెక్కల్లోకి వచ్చేస్తుంది. మీరు బ్యాంకుకు వెళ్లారో, పార్టీ ఫోన్ చేసి ఆపాడో దానికేం తెలుసు? చెక్కు బీరువాలో ఉంటుంది, బిల్లు మాత్రం తీరిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే డబ్బు పడ్డాకే రసీదు రాయాలంటాను. అప్పటిదాకా షీటే ఆధారం.

బ్యాంకులో వేయడం

తేదీ రాకముందు వేస్తే పోస్ట్ డేటెడ్ అని తిరిగొస్తుంది. తేదీ ఆదివారమో, రెండో నాలుగో శనివారమో అయితే తర్వాతి పనిరోజున వేసి, ఆ రోజునే షీటులో రాయండి. ముందురోజు సాయంత్రం పార్టీకి ఒక్క ఫోన్ చేయాలి. ఇది మర్యాద కోసం కాదు. 2025 అక్టోబరు 4 నుంచి క్లియరింగ్ పద్ధతి మారింది. పగటిపూట క్లియరింగ్ వేళల్లో వచ్చిన చెక్కులను బ్యాంకు స్కాన్ చేసి ఎప్పటికప్పుడు పంపుతుంది, ఎదుటి బ్యాంకు ఆ సాయంత్రం 7లోగా అవునో కాదో చెప్పాలి. పూర్వం చెక్కు ఇవాళ వేస్తే డబ్బు రేపు ఉంటే సరిపోయేది. కొట్టు కట్టేశాక వచ్చిన కలెక్షన్ మర్నాడు కట్టి నెట్టుకొచ్చిన పార్టీలు ఇప్పుడు దొరికిపోతున్నారు.

“సోమవారం వేయండి అన్నయ్యా” అని ఎవరైనా అంటే ఒక్కసారి ఆగొచ్చు. రెండోసారి ఆగకండి.

చెక్కు తిరిగొస్తే: ఇక్కడ నిదానంగా చదవండి

ఒక లెక్క తీసుకుందాం. ఒక పార్టీ మీద మూడు బిల్లులున్నాయి: మే 2న 62,500, మే 9న 48,000, మే 16న 39,500. మొత్తం 1,50,000. రెండు శాతం క్యాష్ డిస్కౌంటు 3,000 పోగా, జూన్ 15 తేదీతో 1,47,000 చెక్కు ఇచ్చాడు. ఆ రోజు వేశారు. ‘పడుతుందిలే’ అని గుమాస్తా మధ్యాహ్నమే మూడు బిల్లులూ పెయిడ్ చేశాడు. సాయంత్రం ‘ఫండ్స్ ఇన్‌సఫిషియంట్’ అని తిరిగొచ్చింది. బ్యాంకు రిటర్న్ చార్జీ 500, దాని మీద జీఎస్టీ 90, వెరసి 590 మన ఖాతాలోంచి కోసుకుంది.

మొదటి తప్పు, రసీదును డిలీట్ చేయడం. అలా చేస్తే చెక్కు వచ్చిందనీ, బౌన్స్ అయిందనీ చెప్పే ఆనవాలే ఉండదు. ఆరు నెలల తర్వాత అదే పార్టీ అప్పు పెంచమన్నప్పుడు అతని చరిత్ర తెల్లకాగితం. రసీదు అలాగే ఉంచి, చెక్కు తిరిగొచ్చిన తేదీతో ఎదురు ఎంట్రీ వేయండి: పార్టీకి డెబిట్, బ్యాంకుకు క్రెడిట్, 1,47,000. వివరంలో చెక్కు నంబరు, బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమోలోని కారణం రాయండి.

రెండో తప్పు ఎక్కువమంది చేసేది. ఆ 1,47,000ను కొత్త బాకీగా రాసేస్తారు. మొత్తం సరిపోతుంది, వయసు సరిపోదు. జూన్ 15న మే 2 బిల్లుకు 44 రోజులు నిండాయి. కొత్త బాకీగా రాస్తే అది ఆ రోజే పుట్టినట్టు, సున్నా రోజులుగా కనిపిస్తుంది. 45 రోజుల అప్పు ఇచ్చే కొట్టు ఇంకో నెలన్నర నిశ్చింతగా కూర్చుంటుంది. కాబట్టి ఎదురు ఎంట్రీని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ దాని పాత బిల్లు నంబరుకే, పాత తేదీకే కట్టాలి. షీటులో ‘ఏ బిల్లుకు ఎంత’ రాయమన్నది ఇందుకే.

మూడోది డిస్కౌంటు. గడువులో డబ్బు కడితేనే ఆ 3,000 తగ్గింపు. కట్టలేదు కాబట్టి అదీ వెనక్కి రావాలి. పార్టీకి డెబిట్, డిస్కౌంటు ఖాతాకు క్రెడిట్, 3,000. ఇది మరిచిపోతే మూడు బిల్లులూ కలిపి 1,47,000గానే తెరుచుకుంటాయి, డబ్బు కట్టనందుకు పార్టీకి బహుమానం ఇచ్చినట్టు. 590కి విడిగా డెబిట్ నోటు. మొత్తం 1,50,590 రావాలి. మూడు బిల్లుల మొత్తానికి 590 కలిపితే ఇదే రావాలి, రాకపోతే ఎక్కడో ఒక ముక్క తప్పింది.

అమ్మకం బిల్లు జోలికి మాత్రం వెళ్లకండి. కొందరు కంగారులో బిల్లే క్యాన్సిల్ చేస్తారు, లేదా పూర్తి మొత్తానికి క్రెడిట్ నోటు ఇస్తారు. సరుకు వెళ్లిపోయింది, అమ్మకం జరిగింది, దాని జీఎస్టీ కట్టాల్సిందే. వెనక్కి తీయాల్సింది చెల్లింపును, ఆర్డరును కాదు.

ఇదంతా చెక్కు తిరిగొచ్చిన సాయంత్రమే చేయాలి. ఒకసారి శ్రావణ మాసం సీజన్లో నేను రేపు చూద్దామని వదిలేశాను. మర్నాడు పొద్దున అదే పార్టీ ఆర్డరు వచ్చింది, తెర మీద బాకీ ఏమీ లేదు, కుర్రాడు రెండు బేళ్లు కట్టి ట్రాన్స్‌పోర్టుకు పంపేశాడు. నేను మెమో చేతిలో పట్టుకుని పరిగెత్తేసరికి లారీ రశీదు కూడా తెగింది. ఆ తర్వాత నుంచి మెమో రాగానే నేను చేసే మొదటి పని, ఆ పార్టీ పెండింగ్ ఆర్డర్లన్నీ ఆపడం. ఎంట్రీలు దాని తర్వాతే.

ఆ తర్వాత

రిటర్న్ మెమో చెక్కుతో కలిపి పిన్ను చేసి, అది మీకు అందిన తేదీ రాయండి. చెక్కుల చట్టం 138వ సెక్షన్ కింద వెళ్లాలంటే, బౌన్స్ సంగతి బ్యాంకు నుంచి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక పార్టీకి 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. షీటులో నేను 30 కాదు, 20వ రోజునే ఎర్ర రంగు వచ్చేలా పెడతాను. వకీలుకూ ఓ వారం కావాలి కదా.

చెల్లే గడువులో చెక్కును మళ్లీ వేయొచ్చు. ఈలోగా పార్టీ ఫోన్లోంచి 50,000 పంపాడనుకోండి, అప్పుడు ఆ 1,47,000 చెక్కును ఉన్నదున్నట్టు మళ్లీ వేయకండి. మధ్యలో కొంత కట్టినప్పుడు ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే 138 కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 50,000ను కొత్త రసీదుగా మే 2 బిల్లుకు కట్టండి. దాంతో ఆ బిల్లులో 12,500 మిగులుతుంది. మిగిలిన 1,00,590కి కొత్త చెక్కు అడిగి, షీటులో కొత్త వరసలో రాయండి. పాత వరస ‘తిరిగొచ్చింది’ అనే ఉంటుంది, దాని మీద దిద్దకూడదు.

కొత్త చెక్కు ఇచ్చేటప్పుడు పాతది ఇచ్చేయమని పార్టీ అడుగుతాడు. ఇవ్వకండి. కొత్త వరసలో ‘పడింది’ అని రాశాకే పాత చెక్కూ మెమో అతనికిచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టించుకుని, ఆపిన ఆర్డర్లు వదలండి.